ఆర్.డి. పరీక్ష మాదిరి ప్రశ్నలు: క్రీడా పోషణ, సెట్ 4

సమయం 15 నిమిషాలు. క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు. కేసులన్నీ కల్పితం. జవాబు గుర్తించాకే కింది వివరణ చదవండి.

1. 34 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని, బరువు 60 కిలోలు. ఆగస్టులో ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్ పరిగెత్తబోతోంది. శుక్ర, శనివారాల్లో రోజుకు ఎంత కార్బోహైడ్రేట్ సూచిస్తారు?
ఎ) 180–240 గ్రా. బి) 300–360 గ్రా. సి) 600–720 గ్రా. డి) మామూలు తిండి, శనివారం రాత్రి మాత్రం ఫుల్ బిర్యానీ

జవాబు: సి. 90 నిమిషాలు దాటే పోటీకి ముందు 36–48 గంటల పాటు కిలో బరువుకు రోజుకు 10–12 గ్రాములు. లెక్క సులువే, కంచంలోకి తేవడమే కష్టం. 100 గ్రాముల వండిన అన్నంలో ఉండేది సుమారు 28 గ్రాములు. 600 గ్రాములూ అన్నంతోనే రావాలంటే రెండు కిలోలకు పైగా తినాలి, అది ఎవరి తరమూ కాదు. అందుకే ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండ్లు, బెల్లం పానకం, వడకట్టిన పళ్లరసం అంటూ రోజంతా విడతలుగా పెట్టాలి. ఆ రెండు రోజులూ నెయ్యి, వేపుళ్లు, ఆకుకూరలు, పప్పు తగ్గించాలి. కొవ్వు ఎక్కువైతే తొందరగా కడుపు నిండిపోతుంది. పీచు ఎక్కువైతే ఆదివారం పొద్దున పరుగు మధ్యలో టాయిలెట్ వెతుక్కోవాల్సి వస్తుంది. ‘డి’ గుర్తు పెట్టినవాళ్లు బిర్యానీలో నూనె ఎంతో ఒకసారి ఆలోచించండి.

1967 నాటి పాత పద్ధతిలో ముందు కార్బ్ మానేసి, ఒంట్లోని గ్లైకోజెన్‌ను వ్యాయామంతో ఖాళీ చేయించేవారు. అది అవసరం లేదని 1980ల మొదట్లోనే తేలింది. అయినా ఆప్షన్లలో ఇప్పటికీ కనిపిస్తుంది, పడిపోకండి.

2. అదే క్లయింటు శనివారం సాయంత్రం ఫోన్ చేసి, “మేడమ్, రెండు రోజుల్లో కిలోంపావు పెరిగాను, టెన్షన్‌గా ఉంది. రాత్రి తినడం మానేయనా?” అంది. మీ సమాధానం?
ఎ) మానేయమనాలి బి) నీళ్లు తగ్గించమనాలి సి) అనుకున్నదే జరిగిందని చెప్పి, ప్లాన్ కొనసాగించాలి డి) ప్రోటీన్‌కు మారమనాలి

జవాబు: సి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు నిలవుంటుంది. పెరిగింది కొవ్వు కాదు. ఈ మాట గురువారమే చెప్పి ఉంటే ఆ ఫోనే వచ్చేది కాదు.

3. 68 కిలోల వెయిట్‌లిఫ్టర్. రోజుకు 110 గ్రాముల ప్రోటీన్ తింటున్నాడు: టిఫిన్‌లో 8, మధ్యాహ్నం 22, రాత్రి చికెన్‌తో 80. సాయంత్రం 5కి ప్రాక్టీస్ ముగుస్తుంది, భోజనం 9:30కి. మొదట మార్చాల్సింది?
ఎ) మొత్తం 200 గ్రాములకు పెంచడం బి) అదే మొత్తాన్ని 4–5 పూటలకు పంచడం సి) ప్రాక్టీస్ అయిన 30 నిమిషాల్లోపే 60 గ్రాములు డి) చికెన్ మాన్పించడం

జవాబు: బి. కిలోకు 1.6 గ్రాములు పడుతోంది. 1.2–2.0 పరిధిలోనే ఉంది కాబట్టి మొత్తానికి ఇబ్బంది లేదు. పూటకు కిలోకు 0.3 గ్రాములు, అంటే ఇతనికి 20 గ్రాముల చొప్పున 3–5 గంటలకోసారి అందాలి. టిఫిన్‌లో రెండు ఇడ్లీలకు తోడు మూడు గుడ్లు చేర్చి, ప్రాక్టీస్ అయ్యాక ఓ పూట పెట్టి, రాత్రి కోత పెడితే సరి. అరగంట దాటితే కండ పెరగదన్నది జిమ్‌లో మాట. వ్యాయామం తర్వాత రెండు గంటల్లోపు తింటే చాలు.

4. ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాక్టీసుకు ముందు 64.0 కిలోలు, 90 నిమిషాల తర్వాత 62.8. మధ్యలో 600 మి.లీ. తాగాడు, మూత్రానికి వెళ్లలేదు. గంటకు చెమట ఎంత? తర్వాత ఎంత తాగాలి?
ఎ) 0.8 లీ.; 1.2 లీ. బి) 1.2 లీ.; 1.5–1.8 లీ. సి) 1.8 లీ.; 2.7 లీ. డి) 1.2 లీ.; 0.6 లీ.

జవాబు: బి. తగ్గిన 1.2కి తాగిన 0.6 కలిపితే 1.8 లీటర్లు, దాన్ని గంటన్నరతో భాగిస్తే 1.2. తాగిన నీళ్లు కలపడం మరిచినవాళ్లు ‘ఎ’కి, గంటన్నరతో భాగించడం మరిచినవాళ్లు ‘సి’కి వెళ్తారు. తర్వాత తాగాల్సింది మాత్రం తగ్గిన బరువును బట్టే: కిలోకు 1.25–1.5 లీటర్లు, ఒక్కసారిగా కాకుండా విడతలుగా. ఉప్పు వేసిన మజ్జిగైతే సోడియం కూడా అందుతుంది.

5. ఐదున్నర గంటల్లో మారథాన్ ముగించిన మహిళ. ప్రతి స్టాల్ దగ్గరా ఆగి నీళ్లు తాగింది. తలనొప్పి, వాంతులు, అడిగినదానికి పొంతనలేని జవాబులు. వేలి ఉంగరం బిగుసుకుంది. బరువు 0.8 కిలో పెరిగింది. మీరు చేయాల్సింది?
ఎ) ఇంకో లీటరు నీళ్లు బి) కొబ్బరినీళ్లు తాగించి పడుకోబెట్టడం సి) ఏమీ తాగించకుండా వెంటనే వైద్య బృందానికి అప్పగించి, రక్తంలో సోడియం చూడమనడం డి) అరటిపండు

జవాబు: సి. నాలుగో ప్రశ్న ఊపులో ‘ఎ’ గుర్తు పెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పరిగెత్తాక బరువు పెరగడం డీహైడ్రేషన్ కాదు. ఇవి హైపోనాట్రీమియా లక్షణాలు. సోడియం 135 కంటే తగ్గితే ఆ పేరు. మాట తడబడే స్థాయికి వచ్చాక గాఢ సెలైన్ ఎక్కించడం డాక్టర్ పని. ఈలోగా గ్లాసు పట్టుకొచ్చేవాళ్లను ఆపడం మీ పని.