స్వాగతం, మాధవి గారూ

మాధవి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మిమ్మల్ని ఎదురుగా నిలబడి ఆహ్వానించాలని ఎంతో అనుకున్నాను గానీ, ఈ వారం నాకు ఉదయం షిఫ్టు కావడంతో ఈ చీటీ రాసి వెళుతున్నాను. కూకట్‌పల్లిలోని మన ఇంటికి మీకు హృదయపూర్వక స్వాగతం.

బాల్కనీ వైపు గది మీది. నిన్న సాయంత్రమే కడిగించి, అల్మారా పూర్తిగా ఖాళీ చేసి ఉంచాను. తూర్పు ముఖంగా ఉండటం వల్ల పొద్దున్నే ఎండ నేరుగా మంచం మీద పడుతుంది కాబట్టి, నిద్రపోదలిస్తే ముందుగా కర్టెన్ లాగండి. స్నానానికి గీజర్ స్విచ్ తలుపు బయట ఎడమ పక్కన ఉంది.

పొయ్యి పక్కనున్న గిన్నెలో ఉప్మా, సీసాలో అమ్మ పంపిన గోంగూర పచ్చడి, ఫ్రిజ్‌లో పెరుగు ఉన్నాయి. మొహమాటపడకుండా తినండి. మొదటి రోజు ఆకలితో కూర్చోవడం కన్నా కష్టం మరొకటి ఉండదని నా నమ్మకం.

రేపు హైటెక్ సిటీలోని ఆఫీసుకు మెట్రోలో వెళ్లేటట్లయితే, కేపీహెచ్‌బీ స్టేషన్‌లో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, అక్కడ రాయదుర్గం వైపు వెళ్లే రైలుకు మారాలి.

అద్దె, కరెంటు బిల్లు, వంట వంతులు, ఇంటి పద్ధతుల గురించి ఈ రోజు మీరేమీ ఆలోచించవద్దు. ఆదివారం ఇద్దరికీ సెలవే కనుక, మీ అలవాట్లు కూడా తెలుసుకొని, తీరిగ్గా కలిసి నిర్ణయించుకుందాం. సాయంత్రం ఆరున్నరకల్లా వస్తాను. ఏ అవసరమున్నా వెంటనే ఫోన్ చేయండి.

మీ
శైలజ