మ్యూఆన్ కొండ దిగడానికి ఎంత టైమ్ పట్టింది?

ప్రత్యేక సాపేక్షతలో కాల విస్తరణకీ దైర్ఘ్య సంకోచానికీ సూత్రాలు రెండే. γ ని ఎవరి లెక్కలో, ఎక్కడ పెట్టాలన్న దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

```
γ = 1/√(1 − v²/c²)
Δt = γ Δτ
L = L₀/γ
```

రెండు సంఘటనల దగ్గరా తానే హాజరైన ఒకే గడియారం చూపే కాలం Δτ, అంటే ప్రాపర్ టైమ్. వస్తువు కదలకుండా ఉన్న చట్రంలో కొలిచిన పొడవు L₀, అంటే ప్రాపర్ లెంగ్త్. లెక్క మొదలుపెట్టే ముందు ఈ రెండూ ఎవరివో రాసుకోండి.

ఫ్రిష్, స్మిత్ 1963లో ప్రచురించిన ప్రయోగం తీసుకుందాం. మ్యూఆన్లంటే పై వాతావరణంలో పుట్టి కిందికి దూసుకొస్తూ త్వరగా క్షీణించే కణాలు. అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద గంటకు సుమారు 563 మ్యూఆన్లు లెక్కకొచ్చాయి. 1907 మీటర్లు దిగువన, దాదాపు సముద్రమట్టంలో ఎన్ని మిగలాలి? వేగం 0.995c, సగటు జీవితకాలం τ = 2.2 µs. ఇది అర్ధాయువు కాదు, కాబట్టి N = N₀e^(−t/τ) వాడాలి.

భూమి చట్రంలో ప్రయాణకాలం:

```
t = 1907/(0.995 × 3×10⁸) = 6.39 µs
563 × e^(−6.39/2.2) ≈ 31
```

కింద నిజంగా దొరికినవి సుమారు 412. అంటే న్యూటన్ కాలం ఇక్కడ పనిచేయదు. γ ≈ 10.01 కాబట్టి మ్యూఆన్ గడియారంలో గడిచింది 0.638 µs మాత్రమే:

```
563 × e^(−0.638/2.2) ≈ 421
```

ఆ చిన్న తేడా గాలి వల్ల. దారిలో మ్యూఆన్లు కొంత శక్తి కోల్పోతాయి, γ తగ్గుతుంది. మనం దాన్ని స్థిరంగా పట్టుకున్నాం.

ఇప్పుడు మ్యూఆన్ పక్షాన చూడండి. దాని జీవితకాలం మామూలు 2.2 µs, అందులో మార్పేమీ లేదు. కొండే పైకి దూసుకొస్తోంది, దాని ఎత్తు 1907/10.01 ≈ 190.5 మీటర్లు. దాన్ని వేగంతో భాగిస్తే మళ్లీ 0.638 µs. ఒక చట్రంలో కాల విస్తరణ చేసిన పనినే రెండో చట్రంలో దైర్ఘ్య సంకోచం చేసింది. రెండూ కలిపి వాడితే 0.064 µs, 547 మ్యూఆన్లు వస్తాయి. ప్రయోగం దాన్ని కొట్టిపారేస్తుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి అడ్డుపడతాడు, పడాలి కూడా: మ్యూఆన్‌కి భూమి గడియారాలే నెమ్మదిగా కదా నడవాలి? అవును. దాని దృష్టిలో ఈ ప్రయాణంలో భూమి గడియారాలు ముందుకు జరిగింది 0.064 µs మాత్రమే. మరి కింది గడియారం 6.39 ఎలా చూపింది? భూమి మీద మనం శిఖరం గడియారాన్నీ కింది గడియారాన్నీ ఒకేసారి సున్నాకి పెట్టాం. మ్యూఆన్ చట్రంలో అవి ఏకకాలంలో లేవు. కింది గడియారం ముందే

```
vL₀/c² = 0.995 × 1907/(3×10⁸) ≈ 6.325 µs
```

ముందుంది. 6.325 + 0.064 = 6.389 µs.