లంచ్ కాంబో లెక్క, ఒకసారి చూడు బాబాయ్

బాబాయ్, కాంబో 140కి పెడదాం, వెజ్ మీల్స్, డబుల్ ఆమ్లెట్, గ్లాసు మజ్జిగ. విడివిడిగా అయితే 110, 30, 15 కలిపి 155 అవుద్ది కదా, కస్టమర్‌కి 15 మిగులుద్ది. మనకి సరుకు ఖర్చు 45, 14, 4, మొత్తం 63, కాంపోజిషన్‌లో ఉన్నాం కాబట్టి జీఎస్టీ 5 శాతం అంటే 7 మన జేబులోంచే, బిల్లులో వెయ్యకూడదు. పోగా 70 మిగులుద్ది. ఉత్త మీల్స్‌కి 59.50 అంతే.

కానీ ఇప్పటికే మూడూ విడిగా తినేవాళ్ళ మీద ప్లేటుకి 14.25 పోద్ది, అలాంటోళ్ళు ఇద్దరుంటే ఉత్త మీల్స్ తినేవాళ్ళు ముగ్గురైనా కాంబోకి మారాలి. అందుకే కౌంటర్లో అబ్బాయి "ఆమ్లెట్ వెయ్యమంటారా అండీ" అని అడగాల్సిందే.

కార్డు సంగతి: 10 కాంబోలకి 10 స్టాంపులు, 11వది ఫ్రీ. ఆ 63 పదింటి మీద పంచితే ప్లేటుకి 6.30, అయినా 63.70 ఉంటుంది. పిన్ని చెప్పిన 5కి 1 ఫ్రీ అయితే 57.40కి పడిపోద్ది, ఉత్త మీల్స్ కంటే తక్కువ, వద్దు. పార్సిల్‌కి స్టాంపు లేదు, డబ్బా ఖర్చే 8.

బోర్డు మీద ఇలా రాయిద్దాం: "లంచ్ కాంబో ₹140, సోమ–శుక్ర, 12 నుంచి 3 వరకు. 10 తింటే 11వది మా తరపున! కార్డు 2 నెలలు చెల్లుతుంది, పార్సిల్‌కి వర్తించదు."

ఆదివారం బిర్యానీ ఎలాగూ ఆడుద్ది, దాన్ని కదపొద్దు. గుడ్ల రేటు పెరిగితే నాకు చెప్పు.