ఫార్మసిస్ట్ కావాలి: నరసరావుపేటలో మెడికల్ షాపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా

నరసరావుపేటలో ఆస్పత్రులున్న వీధిలో మాదొక మెడికల్ షాపు. నేను కూడా డీఫార్మసీ చేసినవాణ్ణే, ఉదయం కౌంటర్లో నేనుంటాను. మధ్యాహ్నం నుంచి షాపు మూసేదాకా ఆ బాధ్యత తీసుకునే రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఒకరు కావాలి.

పోయినసారి "ఫార్మసిస్ట్ కావాలి, మంచి జీతం" అని రెండు లైన్లు పెట్టాను. నలభై మందికి పైగా ఫోన్ చేశారు. పదకొండు మందిని పిలిస్తే, టైమింగులూ జీతమూ విన్నాక తొమ్మిది మంది లేచి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి ఒంగోలు నుంచి చార్జీలు పెట్టుకుని వచ్చింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ముందే చెప్పని నాది. అందుకే ఈసారి అన్నీ రాస్తున్నాను. పొడుగైనా చివరిదాకా చదవండి.

జీతం, వేళలు

మొదటి మూడు నెలలు 19,000 రూపాయలు, తర్వాత 21,500. ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకులో పడుతుంది. అమ్మకాల మీద కమీషన్ లేదు, ఇకముందు కూడా ఉండదు. నలుగురమే పనిచేసే షాపు కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ లేవు. సెలవు మంగళవారం. ఆదివారం మాత్రం రావాలి, ఆ రోజు ఊళ్లో సగం షాపులు మూసి ఉంటాయి. సంక్రాంతికి మూడు రోజులు సెలవు, ఆ మూడు రోజులూ కౌంటర్ నేను చూసుకుంటాను.

రాత్రి తొమ్మిదిన్నర అంటే నిజంగా తొమ్మిదిన్నరే. ఒక్కోరోజు చివరి పేషెంటు వల్ల పది నిమిషాలు అటూఇటూ అవుతుంది. సత్తెనపల్లి, చిలకలూరిపేట వైపు నుంచి రోజూ బస్సులో రావాలనుకునేవారు ఆ వేళకి తిరుగు బస్సు ఉందో లేదో ముందు కనుక్కోండి. పోయిన ఏడాది చేరిన ఇద్దరూ మంచి పనివాళ్లే, ఈ ఒక్క ఇబ్బందితోనే మానేశారు.

పని

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఓపీల రద్దీ. ఆ రెండున్నర గంటల్లో వంద బిల్లులు దాటతాయి, కూర్చోవడానికి కుదరదు. బిల్లింగ్ కంప్యూటర్లోనే చేస్తాం, రాకపోతే వారంలో నేర్పిస్తాను. మందుల చీటీ చదవడం, మందు తీయడం, కవరు మీద వేళలు రాయడం, తెచ్చిన మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మీ పని. ర్యాకులు సర్దడానికి, డెలివరీకి వేరే కుర్రాడున్నాడు.

షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే సెఫిక్సిమ్, ట్రమడాల్, అల్ప్రాజోలం లాంటివి ఇచ్చినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది రిజిస్టర్లో అప్పటికప్పుడే రాయాలి. మూడేళ్లు దాచాల్సిన రిజిస్టర్ అది. "రద్దీ తగ్గాక రాద్దాంలే" అంటే మా దగ్గర కుదరదు. ఇన్సులిన్ ఫ్రిజ్ టెంపరేచర్ రోజుకి రెండుసార్లు చూసి రాయాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం కరెంటు పోతే ముందు చూడాల్సింది ఏసీ కాదు, ఆ ఫ్రిజ్. నెలాఖరున ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్టాకు వేరు చేయాలి.

ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట మా కౌంటర్లో ఒక పొరపాటు జరిగింది. కీళ్లవాతానికి డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు, వారానికి ఒక్క రోజు వేసుకోవాల్సిన మందు. రద్దీలో కవరు మీద రోజూ రాత్రి ఒకటి అని రాసి ఇచ్చేశారు. ఆ పెద్దావిడ వరసగా ఆరు రోజులు వేసుకుంది. నోరంతా పుండ్లు పడి, మంచినీళ్లు కూడా మింగలేక, నోటి పూతకి మందివ్వమని మళ్లీ మా షాపుకే వచ్చింది. వెంటనే ఆస్పత్రిలో చేర్పించాం, దేవుడి దయవల్ల బతికింది. కవరు మీద ఎవరు రాసినా షాపు నాది. అప్పటి నుంచి ఆ మందు కవరు మీద వారం పేరు తెలుగులో పెద్దగా రాసి, "ఏ రోజు వేసుకుంటావమ్మా?" అని అడిగి, వాళ్ల నోటితో చెప్పించుకున్నాకే చేతికిస్తున్నాం. మీరూ అలాగే చేయాలి, వెనక పదిమంది నిలబడి అరుస్తున్నా సరే.

వీళ్లు దయచేసి అప్లై చేయకండి

సర్టిఫికెట్ గోడకి తగిలించి, నెలకి ఇంతని తీసుకుని, మనిషి రాకుండా ఉందామనుకునేవారు. ఇలా అడుగుతూ వారానికి ఒక ఫోనైనా వస్తోంది. ఎంత తక్కువకి ఒప్పుకున్నా వద్దు. అలాగే, అనుభవం పదేళ్లున్నా రిజిస్ట్రేషన్ లేనివారికి ఈ ఉద్యోగం ఇవ్వలేను. చీటీ చూసి మందివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే అని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. మీ పనితనం మీద అనుమానంతో అంటున్న మాట కాదిది.

ముందు ఈ నాలుగూ చూసుకోండి

1. ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్లో మీ రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందా?
2. మీ పేరు ఇప్పుడు వేరే ఏ షాపు లైసెన్సులోనూ లేదా? ఉంటే, చేరేలోపు తీయించుకోగలరా?
3. ఆదివారాలతో సహా ఒంటిగంట నుంచి తొమ్మిదిన్నర దాకా కనీసం ఏడాది పాటు రాగలరా?
4. పైన రాసిన జీతం మీకు సరిపోతుందా? ఇంటర్వ్యూలో బేరం ఉండదు.

ఒక్కదానికైనా జవాబు "కాదు" అయితే ఇక్కడే ఆగిపోండి. నాలుగూ "అవును" అయితే కింది ప్రశ్నలకి మీ సొంత మాటల్లో, ఒక్కోదానికి నాలుగైదు లైన్లు రాయండి.

5. జ్వరంతో ఉన్న మూడేళ్ల బిడ్డకి డాక్టరు పారాసిటమాల్ 120/5 సిరప్ 5 మి.లీ. చొప్పున రాశారు. మన దగ్గర 250/5 మాత్రమే ఉంది. తండ్రి "అదే మందు కదా, ఇచ్చేయండన్నా" అంటున్నాడు. ఏం చేస్తారు?

6. రాత్రి తొమ్మిదింపావుకి తెలిసిన కుర్రాడొకడు వచ్చి "అమ్మకి నిద్ర పట్టట్లేదు, అల్ప్రాజోలం ఒక స్ట్రిప్పు కావాలి, చీటీ రేపు తెస్తా, మీ ఓనరుకి నేను తెలుసు" అన్నాడు. నేను ఫోన్ ఎత్తడం లేదు. అతనితో మీరు అనే మాటలు ఉన్నదున్నట్టు రాయండి.

7. చీటీలో ఉన్నది హైడ్రాక్సిజినా, హైడ్రలజినా తెలియడం లేదు. డాక్టరు వెళ్లిపోయారు, పేషెంటు ఊరు ముప్పై కిలోమీటర్లు. అడిగితే తెలిసే సంగతులు ఏవి, ఎవరిని అడుగుతారు? తెలియకపోతే ఏం చేస్తారు?

8. మందు ఇవ్వడంలో మీ చేతిమీదుగా జరిగిన, లేదా జరగబోయి ఆగిన ఒక పొరపాటు చెప్పండి. ఎలా తెలిసింది, ఆ తర్వాత ఏం మార్చుకున్నారు? కొత్తగా చదువు పూర్తిచేసినవారు ట్రైనింగులో చూసింది రాయవచ్చు. పొరపాటు చెప్పినందుకు ఎవరినీ పక్కన పెట్టను. "నా వల్ల ఎప్పుడూ జరగలేదు" అని రాసినవారిని మాత్రం పిలవను.

ఎలా పంపాలి

ఈ ప్రకటన మీకు వచ్చిన వాట్సాప్ నంబరుకే, మెసేజ్‌గానో కాగితం మీద రాసి ఫొటో తీసో పంపండి. తెలుగైనా ఇంగ్లిషైనా ఫరవాలేదు, అక్షర దోషాలు చూడను. మొదటి లైన్‌లో మీ పేరు, పక్కనే మీ రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ రాయండి. ఆ తేదీ లేకుండా వచ్చినవి, బయోడేటా ఒక్కటే పంపినవి తెరవను. సర్టిఫికెట్ల కాపీలు ఇప్పుడు వద్దు. ఫోన్ చేయకండి, కౌంటర్లో ఉన్నప్పుడు మాట్లాడలేను.

ఈ నెల 20వ తేదీ సాయంత్రం దాకా వచ్చిన జవాబులన్నీ నేనే చదువుతాను. ఐదుగురికి మించి పిలవను. పిలిచినా పిలవకపోయినా 25వ తేదీలోపు అందరికీ మెసేజ్ పెడతాను. వచ్చినవారిని రెండు గంటలు కౌంటర్లో నా పక్కన నిలబెట్టుకుంటాను. బయటి ఊరి నుంచి వచ్చేవారికి రానుపోను బస్సు చార్జీలు ఆ రోజే చేతికిస్తాను.