శారదకు

శారదా,

నిన్న నీ పక్కన గంటసేపు కూర్చున్నాను కానీ ఒక్క మాటా పెగల్లేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నీ చెయ్యి పట్టుకుని "ధైర్యంగా ఉండు" అనీ, "నువ్వే ఇలా అయిపోతే అమ్మనెవరు చూస్తారు" అనీ, "నిండు వయసు, అదృష్టవంతుడు" అనీ అంటుంటే నువ్వు అందరికీ తల ఊపావు. నిన్ను ఓదార్చడానికొచ్చిన వాళ్ళని నువ్వే ఓదార్చి పంపుతున్నట్టు అనిపించింది. ఆ వరసలో నేనూ ఒకదాన్ని కావడం ఇష్టంలేక ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. జవాబు రాయాలని పెట్టుకోకు.

నాన్నగారు 78 ఏళ్ళు బతికారు కదా అంటే దుఃఖం తగ్గుతుందా? పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి లేకపోవడమంటే ఏమిటో నీకు లెక్క చెప్పేవాళ్ళకు తెలియదనుకుంటాను.

నాన్నగారంటే నాకు ముందు గుర్తొచ్చేది మీ గోడ గడియారం. ప్రతి ఆదివారం స్టూలెక్కి కీ ఇచ్చేవారు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పదో తరగతి పరీక్షలప్పుడు నేను మీ ఇంట్లో పడుకున్న రాత్రి దాని చప్పుడు మన చదువుకు అడ్డమని ఆయనే ఆపేశారు. తెల్లారి టైము చూసుకోవడం కుదరక ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళి మాటపడ్డారట. ఆ సంగతి ఆయన మనకు చెప్పనేలేదు, ఎన్నో ఏళ్ళకు మీ అమ్మ చెప్పింది. నా దస్తూరీ చూసి "కోడి గెలికినట్టుంది, కానీ తెలివైన కోడి" అనేవారు చూడు, ఇది రాస్తుంటే కూడా అదే వినిపిస్తోంది.

వంటింటి గుమ్మం దగ్గర నువ్వు నెమ్మదిగా అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. "ఎనిమిది నెలలు ఉండి, ఆ గంటే లేకపోయానే" అన్నావు.

నీకు ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. మా అమ్మ పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మంచం పక్కన కుర్చీలో, తన చెయ్యి పట్టుకుని. కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. జానెడు దూరంలో ఉండి కూడా ఆ క్షణం నాకు దక్కలేదు. ఆ కునుకు కోసం నన్ను నేను ఎంతకాలం తిట్టుకున్నానో! చాలా రోజులకు గానీ ఒకటి తట్టలేదు. అమ్మకు ఆ చెయ్యి ఎవరిదో తెలుసు. అంతకు ముందే తెలుసు. ఆఖరి నిమిషంలో కొత్తగా తెలియాల్సిందేమీ లేదు.

నాన్నగారికీ అంతే. రాత్రి మూడింటికి లేచి దుప్పటి సర్దినదెవరో, మందు చేదని విసుక్కుంటే పడినదెవరో ఆయనకు తెలుసు. కిందటి నెల నేను చూడ్డానికొచ్చినప్పుడు, నువ్వు ఫోనొచ్చి బయటికెళ్ళగానే, "శారద నిద్రపోవట్లేదమ్మా, నా మాట వినదు, నువ్వైనా చెప్పు" అన్నారు. నేను నీకు చెప్పడం మర్చిపోయాను. ఆయన పోయిన సాయంత్రం నువ్వు ఇంటికెళ్ళింది నిద్రపోవడానికే కదా. ఆయన అడిగిందే చేశావు.

ఇది చదివాక ఆ బాధ పోతుందని చెప్పను. నాకింకా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. వచ్చినప్పుడు ఒంటరిగా దానితో వాదించకు, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, ఏమీ మాట్లాడకపోయినా సరే.

మా అమ్మమ్మ ఒక మాట అనేది: "చెరువు నిండితే అలుగు పారాలి, గుండె నిండితే కన్ను పారాలి." అలుగు మూసేస్తే నీళ్ళు ఆగవు, కట్టకే గండి పడుతుంది. నిన్న నువ్వు అందరి ముందూ అలుగు మూసుకునే కూర్చున్నావు. అమ్మ భయపడుతుందని కాబోలు. నా ముందు ఆ అవసరం లేదు. అమ్మ ముందు కూడా లేదేమో, ఆవిడా నీకోసమే బిగబట్టుకుని కూర్చున్నట్టుంది.

బ్యాంకు, పెన్షను కాగితాలు ముట్టుకోకు. బుధవారం సెలవు పెట్టాను, నేనొచ్చి ఒక్కొక్కటీ చూస్తాను. నువ్వు సంతకం పెట్టాల్సిన చోట పెడితే చాలు. ఆయన కళ్ళజోడు, చెప్పులు, ఆ పాత డైరీలు ఎక్కడున్నవి అక్కడే ఉండనీ. ఎవరైనా తీసెయ్యమని తొందరపెడితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

నిన్న చూశాను, గడియారం నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయి ఉంది. ఆదివారం కూడా వస్తాను. కీ ఇవ్వాలనిపిస్తే నువ్వు ఎక్కు, స్టూలు నేను పట్టుకుంటాను. వద్దనిపిస్తే అలాగే ఉండనిద్దాం.

నీ పక్క బెంచీ