ఫ్లాట్ 704: కట్టిన సొమ్ము వడ్డీతో వాపసు కోరుతూ ఫిర్యాదు

హైదరాబాద్, 31-01-2025

తెలంగాణ రెరా చైర్మన్, సభ్యులు గారికి,

విషయం: రెరా చట్టం 2016, సెక్షన్ 31 కింద ఫిర్యాదు. బాచుపల్లి ప్రాజెక్టు, బీ బ్లాక్, ఫ్లాట్ 704. ప్రతివాది: ఈ ప్రాజెక్టు ప్రమోటర్.

అయ్యా,

1,285 చదరపు అడుగుల ఈ ఫ్లాట్‌ను 68 లక్షలకు కొనడానికి 05-07-2021న అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకున్నాం. అందులోని గడువు 31-12-2023. ఆరు నెలల గ్రేస్ కలిపినా 30-06-2024తో అయిపోయింది. 80 శాతం సొమ్ము, అంటే 54,40,000 రూపాయలు, కట్టేశాను. ఒక్క వాయిదా కూడా ఆలస్యం చేయలేదు. రసీదులు జతచేశాను.

జనవరి 19, ఆదివారం నాడు నేనూ మా ఆవిడా సైటుకు వెళ్లాం. లిఫ్టు గుంతకు ప్లైవుడ్ చెక్క అడ్డం కొట్టి ఉంటే ఏడంతస్తులూ మెట్లెక్కాం. మా ఇంటికి కిటికీలు లేవు. వంటగట్టు మీద పావురాలు గుడ్లు పెట్టాయి. బ్రోచర్లో 12,000 అడుగుల క్లబ్‌హౌస్ అన్నచోట కూలీల రేకుల షెడ్లున్నాయి. స్విమ్మింగ్ పూల్ అన్నది నాచు పట్టిన గొయ్యి. మురుగునీటి శుద్ధి ప్లాంటుకు పునాది కూడా తీయలేదు. తేదీతో ఉన్న ఫోటోలు 14 జతచేశాను.

అడిగితే లేబర్ దొరకడం లేదంటారు. పైగా ఎమినిటీస్ కోసం ఇంకో మూడున్నర లక్షలు కట్టమని డిసెంబరులో వాట్సాప్ పంపారు. అగ్రిమెంట్ ధరలోనే కలిసి ఉన్నవాటికి మళ్లీ డబ్బెందుకు? ఒక పక్క నెలకు 18,500 అద్దె, ఇంకో పక్క బ్యాంకు ఈఎంఐ. ఇక ఆ ఫ్లాట్ మాకొద్దు.

గడువులోగా ఇల్లు ఇవ్వకపోతే, కొన్నవాళ్లు తప్పుకోవాలనుకుంటే కట్టినదంతా వడ్డీతో ఇవ్వాలని సెక్షన్ 18(1) చెబుతోంది. ఈ హక్కుకు షరతులు లేవని న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. బ్రోచర్ మాటలకు సెక్షన్ 12 వర్తిస్తుంది.

రాష్ట్ర రూల్స్ ప్రకారం వడ్డీ ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్ 9.10 + 2 = 11.10 శాతం. నేటి వరకు సాధారణ వడ్డీ, 365 రోజుల లెక్కన:

15-03-2021: 6,80,000 × 1,418 రోజులు = 2,93,235
20-08-2021: 27,20,000 × 1,260 రోజులు = 10,42,244
10-06-2022: 20,40,000 × 966 రోజులు = 5,99,291
వడ్డీ మొత్తం: 19,34,770
అసలుతో కలిపి: రూ. 73,74,770

కోరుతున్నది: పై మొత్తాన్నీ, రేపటి నుంచి సొమ్ము చేతికందే దాకా రోజుకు రూ. 1,654 చొప్పున వడ్డీనీ ప్రమోటర్ చెల్లించేలా ఆదేశించాలి. మూడున్నర లక్షల డిమాండ్ చెల్లదని ప్రకటించాలి. తీర్పు వచ్చేలోగా 704ను ఇంకొకరికి అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వులివ్వాలి. అద్దె, మానసిక వేదనకు నష్టపరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు విడిగా దరఖాస్తు చేసుకునే హక్కు నాకు ఉంచాలి.

ఈ విషయమై మరే కోర్టులోనూ కేసు లేదు. పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం.

ఇట్లు,
ఫిర్యాదుదారు, ఫ్లాట్ 704 కొనుగోలుదారు

జతచేసినవి: అగ్రిమెంట్, మూడు రసీదులు, బ్రోచర్, ఫోటోలు, వాట్సాప్ ప్రింట్లు, బ్యాంకు లోన్ స్టేట్‌మెంట్.