అక్టోబరు నెల ఉమ్మడి ఖర్చుల పంపకం: వర్క్‌షీట్, వివరణ, సరిపోల్చిన లెక్కలు

ప్రాజెక్టు సమన్వయకర్తలకు, ఆమోదం కోసం కోశాధికారికి
అకౌంట్స్ విభాగం నుంచి

అక్టోబరులో మూడు ప్రాజెక్టులూ (నీరు, బడి, ఆరోగ్యం) కార్యాలయమూ కలిసి వాడుకున్న ఖర్చు 1,64,590. ఎవరి వాటా ఎంతో, ఆ అంకె ఎలా వచ్చిందో కింద ఉంది. మీ కాలమ్‌లోని ఏ అంకెనైనా కాలిక్యులేటర్‌తో మీరే వేసి చూసుకోవచ్చు. తేడా కనిపిస్తే 7వ తేదీలోగా చెప్పండి, 8న జర్నల్ ఎంట్రీ వేస్తాం.

లెడ్జర్ నుంచి వర్క్‌షీట్‌కు

ట్రయల్ బ్యాలెన్స్‌లో ఉమ్మడి ఖర్చుల ఖాతాల మొత్తం 1,67,440 ఉంది. వర్క్‌షీట్‌లో అంతకంటే 2,850 తక్కువ. ఆరోగ్య శిబిరానికి సామాను తరలించిన అద్దె వ్యాను బిల్లు పొరపాటున వాహనం ఖాతాలో పడటమే కారణం. అది ఒక్క ప్రాజెక్టు ఖర్చు కాబట్టి పంచకూడదు, నేరుగా ఆరోగ్యానికి మార్చాం. ఎవరికోసం పెట్టామో తేల్చి చెప్పగలిగిన బిల్లు ఏదైనా ఈ షీట్‌లోకి రాకూడదు.

పంపకానికి ఆధారాలు

| ఆధారం | నీరు | బడి | ఆరోగ్యం | కార్యాలయం | మొత్తం |
|---|---|---|---|---|---|
| చోటు (చదరపు అడుగులు) | 420 | 310 | 270 | 200 | 1,200 |
| సిబ్బంది (పూర్తికాలం లెక్కన) | 4.5 | 3.0 | 3.5 | 1.0 | 12.0 |
| వోచర్లు | 96 | 61 | 73 | 20 | 250 |
| కిలోమీటర్లు | 1,240 | 385 | 835 | 40 | 2,500 |

చోటులో గదులే ఉన్నాయి. నడవ, మెట్లు ఎవరికీ వేయలేదు, అవి అందరికీ అదే నిష్పత్తిలో పడతాయి. సిబ్బందిలో నీటికి, ఆరోగ్యానికి చెరో అర వచ్చింది ఫీల్డు కోఆర్డినేటర్ వల్ల. అది టైంషీట్ ప్రకారం వేసినదే కానీ నియామక పత్రం ప్రకారం కాదు.

కార్యాలయానికి విడిగా కాలమ్ ఎందుకని కొందరు అడిగారు. బోర్డు సమావేశాలు, బ్యాంకు పనులు, సంస్థ సొంత రిజిస్ట్రేషన్ వ్యవహారాలు ఏ ప్రాజెక్టువీ కావు. ఆ కాలమ్ తీసేస్తే దాని 17,154 మిగతా మూడింటి మీదే పడుతుంది, అంటే దాతల డబ్బుతో తమకు సంబంధం లేని పని చేయించినట్టు. ఆడిటర్ ముందు వెతికేది ఇదే.

పంపకం

| ఖర్చు | మొత్తం | ఆధారం | నీరు | బడి | ఆరోగ్యం | కార్యాలయం |
|---|---|---|---|---|---|---|
| అద్దె | 60,000 | చోటు | 21,000 | 15,500 | 13,500 | 10,000 |
| కరెంటు | 14,350 | చోటు | 5,022 | 3,707 | 3,229 | 2,392 |
| ఇంటర్నెట్, ఫోన్ | 6,500 | సిబ్బంది | 2,437 | 1,625 | 1,896 | 542 |
| అకౌంటెంట్ జీతం | 45,000 | వోచర్లు | 17,280 | 10,980 | 13,140 | 3,600 |
| వాహనం | 38,740 | కిలోమీటర్లు | 19,215 | 5,966 | 12,939 | 620 |
| మొత్తం | 1,64,590 | | 64,954 | 37,778 | 44,704 | 17,154 |
| పరిమితి సర్దుబాటు | 0 | | 0 | −1,778 | 0 | +1,778 |
| ఎంట్రీకి | 1,64,590 | | 64,954 | 36,000 | 44,704 | 18,932 |

బడి ప్రాజెక్టు ఒప్పందంలో ఉమ్మడి ఖర్చులకు నెలకు 36,000 మించకూడదన్న పరిమితి ఉంది. మించిన 1,778 కార్యాలయం నిధి భరిస్తుంది. నీటిలో బడ్జెట్ మిగిలి ఉంది కదా, అక్కడ వేయొచ్చుగా అన్న సూచన వచ్చింది. వేయకూడదు. డబ్బు ఎక్కడ మిగిలిందన్నది పంపకానికి ఆధారం కాదు. సర్దుబాటును విడి వరుసలో చూపించడానికి కారణం కూడా అదే: పై వరుసలో అసలు వాటా ఎప్పటికీ కనిపిస్తూ ఉండాలి, వచ్చే ఒప్పందంలో పరిమితి పెంచమని అడగడానికి అదే రుజువు.

రౌండింగ్ తేడా

కరెంటు వరుసలో విడివిడిగా రౌండ్ చేస్తే 5,023 + 3,707 + 3,229 + 2,392 = 14,351. పంచాల్సిన 14,350 కంటే 1 ఎక్కువ. ఇంటర్నెట్ వరుసలోనూ అంతే, 6,501 వచ్చింది. రెండుచోట్లా ఆ 1ని అతి పెద్ద వాటా నుంచి, అంటే నీటి నుంచి తగ్గించాం. నాలుగు వాటాలను పూర్తి అంకెకు రౌండ్ చేస్తే తేడా 2 దాటే వీలు లేదు. 3 వచ్చిందంటే అది రౌండింగ్ కాదు, ఎక్కడో ఫార్ములా చెడింది.

వర్క్‌షీట్‌లో 5వ వరుస ఇలా నడుస్తుంది. `Basis` షీట్‌లో పై ఆధారాల పట్టిక ఉంది. `D` నుంచి `G` దాకా రౌండ్ చేసిన వాటాలు, `I`లో తేడా, `J`లో ఆ తేడా ఎవరికి వెళ్లాలో, `K` నుంచి `N` దాకా తుది వాటాలు:

```
D5: =ROUND($B5*INDEX(Basis!B$2:B$5,MATCH($C5,Basis!$A$2:$A$5,0))/INDEX(Basis!$F$2:$F$5,MATCH($C5,Basis!$A$2:$A$5,0)),0)
I5: =$B5-SUM(D5:G5)
J5: =INDEX($D$4:$G$4,MATCH(MAX(D5:G5),D5:G5,0))
K5: =D5+IF(D$4=$J5,$I5,0)
O5: =IF(ABS($I5)>2,"STOP",SUM(K5:N5)-$B5)
```

చివరి ప్రాజెక్టుకు "మొత్తంలోంచి మిగతా మూడూ తీసేయగా వచ్చినది" అని ఫార్ములా పెట్టడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే వరుస మొత్తం ఎప్పుడూ సరిపోతుంది, ఆధారం తప్పుగా ఎక్కినా సరే. ఎప్పటికీ తప్పు పట్టలేని తనిఖీ ఉన్నా లేనట్టే. `O`లో కూడా, `I`ని 2తో పోల్చకపోతే ఎంత తేడా ఉన్నా సర్దుబాటు దాన్ని మింగేసి 0 చూపిస్తుంది.

సరిపోల్చినవి

వరుసల వారీగా: `O5` నుంచి `O9` దాకా అన్నీ 0, ఎక్కడా `STOP` లేదు.

నిలువుగా: 64,954 + 36,000 + 44,704 + 18,932 = 1,64,590.

లెడ్జర్‌తో: 1,67,440 − 2,850 = 1,64,590. `B` కాలమ్‌లోని అంకెలు ట్రయల్ బ్యాలెన్స్ నుంచి చేత్తో ఎక్కించినవి, ఇదే షీట్‌లోని మరో గడి నుంచి తెచ్చినవి కావు.

ఆధారాలు, వాటి అసలు రికార్డులతో: వాహనం మీటరు నెల మొదట 48,310, చివర 50,810, తేడా 2,500, లాగ్‌బుక్‌లోని ప్రయాణాల కూడిక కూడా అంతే. వోచర్ల రిజిస్టరు 1,871 నుంచి 2,122 దాకా, అంటే 252. రద్దయినవి 2, మిగిలినవి 250. సిబ్బంది 12.0 అక్టోబరు జీతాల పట్టికతో సరిపోయింది. పై మూడు తనిఖీలూ పాసైన షీట్ కూడా తప్పు కావచ్చు, ఎందుకంటే ఆధారమే తప్పితే తప్పు వాటాలు కూడా చక్కగా మొత్తానికి కలుస్తాయి. అందుకని ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాం.

కరెంటు బిల్లు ఇంకా రాలేదు. 14,350 మీటరు రీడింగు మీద వేసిన అంచనా. అసలు బిల్లులో తేడా ఉంటే నవంబరు షీట్‌లో విడి వరుసగా, అక్టోబరు నిష్పత్తితోనే పంచుతాం.

జర్నల్ ఎంట్రీ

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| నీరు, ఉమ్మడి ఖర్చు వాటా | 64,954 | |
| బడి, ఉమ్మడి ఖర్చు వాటా | 36,000 | |
| ఆరోగ్యం, ఉమ్మడి ఖర్చు వాటా | 44,704 | |
| కార్యాలయం, ఉమ్మడి ఖర్చు వాటా | 18,932 | |
| ఉమ్మడి ఖర్చుల ఖాతాలు (ఐదు) | | 1,64,590 |
| మొత్తం | 1,64,590 | 1,64,590 |

ఎంట్రీ వేశాక ఐదు ఉమ్మడి ఖాతాల్లోనూ నిల్వ సున్నా కావాలి. ఏదైనా ఖాతాలో నిల్వ మిగిలితే, షీట్ తీసిన తర్వాత అందులో కొత్త వోచరు పడిందని అర్థం. అప్పుడు ఎంట్రీని దిద్దకుండా రద్దు చేసి, షీట్ మళ్లీ తీస్తాం. షీట్, లాగ్‌బుక్ పేజీల ప్రతులు, టైంషీట్లు, మీటరు రీడింగు ఫొటో ఎంట్రీ వోచరుకు జతచేసి ఉంటాయి.